వీడ్కోలు మెయిల్ దిద్దేటప్పుడు

ఉద్యోగం మానేసే రోజున సహోద్యోగులకు పంపే ఇంగ్లిష్ మెయిల్ మామూలుగా పది పదిహేను వాక్యాలకు మించదు. అంత చిన్నదానిలోనూ మూడు కాలాలు సర్దుకోవాలి. చేరిన రోజు గతం, ఇంకా కొన్ని గంటలు మిగిలున్న ఉద్యోగం వర్తమానం, రేపటి నుంచి భవిష్యత్తు. ఇంగ్లిష్ ఇంటి భాష కానివారు తడబడేది ఎక్కువగా ఒక కాలం నుంచి ఇంకో కాలంలోకి దాటేచోటే. అలాంటి మెయిల్‌ను దిద్దిపెట్టమని అడిగినప్పుడు తప్పులు పట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. తప్పులతోపాటు మనిషిని కూడా కొట్టేయకుండా ఆగడమే కష్టం.

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో రోజూ కనిపించే తరహాలో ఒక నమూనా తీసుకోవచ్చు. "విత్ హెవీ హార్ట్ ఐ వుడ్ లైక్ టు ఇన్ఫర్మ్ దట్ టుడే ఈజ్ మై లాస్ట్ వర్కింగ్ డే ఇన్ దిస్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్. ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ సిక్స్ ఇయర్స్. ఐ హావ్ జాయిన్డ్ ఇన్ 2019 యాజ్ ఎ ఫ్రెషర్. ఇన్ ఫస్ట్ మంత్ ఐ యామ్ ఫియరింగ్ టు టాక్ ఇన్ కాల్స్. మేడమ్ సెడ్, టాక్ రాంగ్, బట్ టాక్. ఐ యామ్ స్టిల్ టాకింగ్. ఐ టేక్ దిస్ ఆపర్చునిటీ టు ఎక్స్‌ప్రెస్ మై సిన్సియర్ గ్రాటిట్యూడ్ టు ఒన్ అండ్ ఆల్. ఐ యామ్ హావింగ్ మెనీ మెమరీస్ ఆఫ్ అవర్ ఫోర్ ఓ క్లాక్ టీ."

మొదటిసారి చదివేటప్పుడు దేన్నీ ముట్టుకోకూడదు. ఈ మనిషి తప్ప ఇంకెవరూ రాయలేని వాక్యాలేవో చూసి గుర్తు పెట్టుకోవాలి. ఇక్కడ అవి మూడు: తప్పుగానైనా సరే మాట్లాడమన్న మేడమ్ మాట, దాని వెంటనే వచ్చిన "ఐ యామ్ స్టిల్ టాకింగ్", నాలుగింటి టీ. మెయిల్‌కు ప్రాణం ఈ మూడింట్లోనే ఉంది. మిగతాది ఎవరి మెయిల్‌లోనైనా ఉండేదే.

రెండోసారి క్రియలను మాత్రమే చూడాలి. "ఆరేళ్ల నుంచి పనిచేస్తున్నాను" అనేది తెలుగులో నిక్షేపంలాంటి వాక్యం. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగే పనిని వర్తమాన క్రియే మోస్తుంది, నుంచి అన్న మాట మొదలైన తేదీకీ గడిచిన కాలానికీ రెండింటికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో ఈ రెంటికీ వేరువేరు ఏర్పాట్లున్నాయి. తేదీ ముందు సిన్స్, గడిచిన కాలం ముందు ఫర్ వస్తాయి. క్రియ "హావ్ వర్క్‌డ్" అనో "హావ్ బీన్ వర్కింగ్" అనో మారుతుంది. కాబట్టి ఆ వాక్యం "ఐ హావ్ వర్క్‌డ్ హియర్ ఫర్ సిక్స్ ఇయర్స్" అవుతుంది. తర్వాతి వాక్యంలో తప్పు దీనికి తలకిందులు. 2019 అని సంవత్సరం చెప్పేశాక ఆ సంగతి అక్కడితో ముగిసినట్టే. హావ్ తీసేసి "ఐ జాయిన్డ్ ఇన్ 2019" అంటే చాలు. అక్కర్లేనిచోట హావ్, హాడ్ వచ్చి చేరడానికి తరచూ కారణం అవి కాస్త మర్యాదగా వినిపిస్తాయన్న భ్రమే.

మొదటి నెల భయం గతం కనుక "ఐ వాజ్ స్కేర్డ్ టు టాక్" అవుతుంది. జ్ఞాపకాలు ఉండటం ఒక స్థితి, సాగుతూ ఉండే పని కాదు. అందుకని "ఐ యామ్ హావింగ్" బదులు "ఐ హావ్". ఈ సాగుడు క్రియల మీద భారతీయ ఇంగ్లిష్‌కు ఉన్న మోజును నిస్సిమ్ ఎజెకీల్ "గుడ్‌బై పార్టీ ఫర్ మిస్ పుష్ప టి.ఎస్." కవితలో హాస్యంగా వాడుకున్నారు. అదీ వీడ్కోలు సభ ఉపన్యాసమే. చదివేవారి పెదవి మీద నవ్వు తెప్పించే తప్పు ఇదే కాబట్టి మిగతావి వదిలేసినా దీన్ని వదలకూడదు. అయితే అదే రూపంలో ఉన్న "ఐ యామ్ స్టిల్ టాకింగ్" మీద చెయ్యి వేయకూడదు. ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నాను అన్న చమత్కారం ఆ సాగుడులోనే ఉంది. ఇంగ్ కనబడగానే కొట్టేసుకుంటూ పోయేవారు సరిగ్గా ఇక్కడే మెయిల్‌ను పాడుచేస్తారు.

వ్యాకరణం ఒప్పుకున్నా అడిగి తీరాల్సిన కాలాలు కొన్నుంటాయి. "యు వర్ ఎ గ్రేట్ టీమ్" తప్పు వాక్యం కాదు. కానీ టీమ్ రేపు కూడా అక్కడే ఉంటుంది, వెళ్లిపోయేది రాసినవారే. వర్ అంటే వాళ్ల పని అయిపోయినట్టు ధ్వనిస్తుంది. ఇంకొకరు "ఇన్ ఫస్ట్ మంత్ ఐ యామ్ లీవింగ్" అని రాస్తే, వెళ్లిపోదామనుకున్నారా, నిజంగానే వెళ్లి మళ్లీ వచ్చారా అన్నది పక్కనున్నవాళ్లు ఊహించి దిద్దే విషయం కాదు.

బిగుసుకుపోయిన మాటలు మూడో విడతలో వస్తాయి. వీటి మూలం చాలావరకు బడిలో నేర్పిన లీవ్ లెటర్. "ఐ బెగ్ టు స్టేట్ దట్" అని మొదలుపెట్టిన చెయ్యి పెద్దయ్యాక "ఐ వుడ్ లైక్ టు ఇన్ఫర్మ్ దట్" దగ్గరికి వస్తుంది. దాన్ని తీసేస్తే "టుడే ఈజ్ మై లాస్ట్ వర్కింగ్ డే" అనే నేరు వాక్యం మిగులుతుంది. ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్ స్థానంలో హియర్ సరిపోతుంది. కృతజ్ఞత వాక్యం మాత్రం కొట్టేస్తే ఖాళీ ఏర్పడుతుంది, దాన్ని దిద్దేవారు సొంతంగా నింపకూడదు. ఎవరికి, దేనికి కృతజ్ఞత అని అడగాలి. రిలీజ్ ఉన్న రాత్రుల్లో తనతో కూర్చున్న టెస్టింగ్ వాళ్లకు అని జవాబు వస్తే, ఆ మాటనే ఆ మనిషి ఇంగ్లిష్‌లో రాయించాలి: "థాంక్ యు టు ద టెస్టింగ్ టీమ్, హూ సాట్ విత్ మి ఆన్ రిలీజ్ నైట్స్."

ఇంత చేశాక కూడా కొన్ని లాంఛనాలు ఉండనివ్వాలి. మన ఆఫీసుల్లో మేడమ్, సార్, గారు అనేవి అలవాటుగా వచ్చే మర్యాద. వాటిని తీసి ఉత్త పేరు పెడితే చదివే పెద్దవారికి చివుక్కుమంటుంది, రాసినవారికీ ఇబ్బందే. ఫ్రెషర్, లాస్ట్ వర్కింగ్ డే లాంటివి ఇక్కడి ఇంగ్లిష్‌లో స్థిరపడిన మాటలు, అందరికీ తెలుసు. "విత్ హెవీ హార్ట్" అరిగిపోయిన మాటే. అయినా రాసినవారికి నిజంగా బాధగా ఉంటే హెవీ ముందు ఒక ఎ చేర్చి ఉంచేయవచ్చు. "టాక్ రాంగ్" కూడా వ్యాకరణ పుస్తకం ఒప్పుకునేది కాదు. కానీ అది మేడమ్ అన్న మాట, పైగా తప్పుగానైనా మాట్లాడమని చెప్పే మాట. దాన్ని సరిదిద్దితే అర్థమే పోతుంది.

దిద్దుబాటు శ్రుతి మించిందని పట్టుకోవడానికి నమ్మకమైన గుర్తు కొత్త మాటలే. రాసినవారి మెయిల్‌లోగానీ వాళ్ల రోజువారీ చాట్‌లోగానీ ఎన్నడూ లేని చెరిష్, ఇన్‌వాల్యుబుల్, జర్నీ లాంటివి వచ్చి చేరాయంటే అక్కడ ఇంకొకరి గొంతు వినపడుతుంది. ఒక వాక్యం నున్నగా, పక్కది గరుకుగా ఉన్నా అంతే. అలాంటప్పుడు మూలానికి వెళ్లి, రాసినవారి మాటల్లోంచే ఏరుకుని వాక్యం కట్టాలి.

చివరగా మెయిల్‌ను వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్ పెట్టి తిరిగివ్వాలి. ఏ మార్పు ఉంచాలో ఏది తీసేయాలో రాసినవారే తేల్చుకుంటారు. పైకి చదివి వినిపించమంటే ఇంకా మేలు, నోరు తట్టుకున్న చోటల్లా అది వాళ్ల వాక్యం కాదేమోనని అనుమానించాలి. పంపేముందు అడుగున ఇచ్చిన అడ్రస్ కూడా చూడాలి. ఆఫీసు ఖాతా ఆ సాయంత్రమే మూసేయవచ్చు కనుక, అక్కడ సొంత మెయిల్, ఫోన్ నంబరు ఉండాలి.