గడి నిండి ఉంటే: హ్యాష్ టేబుల్ లోపలి లెక్క

హ్యాష్ టేబుల్ అంటే వరుస సంఖ్యలు వేసిన గడుల పట్టిక. సమాచారం ఏ గడిలో ఉందో ఇందులో మొదటి నుంచి చివరిదాకా వెతకరు, లెక్క వేసి నేరుగా అక్కడికే వెళతారు. రోల్ నంబరు, పేరు వంటి గుర్తును కీ అంటారు. కీని గడి సంఖ్యగా మార్చే సూత్రమే హ్యాష్ ఫంక్షన్. పట్టికలో 0 నుంచి 9 దాకా పది గడులున్నాయనుకుందాం. రోల్ నంబరులోని చివరి అంకెనే గడి సంఖ్యగా తీసుకుంటే, 27 ఏడో సంఖ్య గడికి, 48 ఎనిమిదికి వెళతాయి.

చిక్కు 37 రాగానే మొదలవుతుంది. దానిదీ 7వ గడే. ఇలా రెండు కీలు ఒకే గడికి చేరడాన్ని కొలిజన్ అంటారు. సూత్రం ఎంత బాగున్నా ఇది తప్పదు. 365 గడుల్లోకి 23 కీలను యాదృచ్ఛికంగా పంపితే చాలు, ఎక్కడో ఒకచోట రెండు కలిసే అవకాశం సగానికి మించుతుంది.

ఒక పరిష్కారం చైనింగ్. దీని ఆలోచనను ఐబీఎం ఇంజినీరు హాన్స్ పీటర్ లూన్ 1953లోనే రాసిపెట్టాడు. ప్రతి గడి నుంచి ఒక గొలుసు వేలాడుతుంది. ఆ గడికి వచ్చిన కీలన్నీ అందులో చేరతాయి. 27, 48, 37, 58 వచ్చాయంటే 7వ గడి గొలుసులో రెండు, 8వ గడి గొలుసులో రెండు ఉంటాయి. పట్టికలో లేని 17 కోసం వెతికినా రెండింటితో పోల్చి చూస్తే సరిపోతుంది.

రెండోది ఓపెన్ అడ్రసింగ్. ఇందులో గొలుసులుండవు, అన్నీ పట్టికలోనే సర్దుకోవాలి. దీని సరళమైన రూపం లీనియర్ ప్రోబింగ్: గడి నిండి ఉంటే పక్క గడి, అదీ నిండితే ఆ పక్కది. అప్పుడు 37కు 7, 8 గడులు దొరకక 9లో చేరుతుంది. 58కి 8, 9 దొరకవు. చివరి నుంచి మళ్లీ మొదటికి తిరిగి 0లో కూర్చుంటుంది. ఇప్పుడు 17 కోసం వెతికితే 7, 8, 9, 0 దాటి, 1వ గడి ఖాళీగా కనిపించాకే లేదని తేలుతుంది. అయిదు గడులు చూడాల్సివచ్చింది. పైగా తర్వాత వచ్చే కీ చివరి అంకె 7, 8, 9, 0, 1లలో ఏదైనా అది 1వ గడికే చేరుతుంది. అంటే గుంపు ముందువైపుకు ఇంకా పెరిగే అవకాశం సగానికి సగం. పెద్ద గుంపే మరింత పెద్దదవుతుంది. ఈ పద్ధతి అసలు బలహీనత ఇదే.

తొలగింపులోనూ జాగ్రత్త కావాలి. 48ని తీసేసి 8వ గడిని ఉత్త ఖాళీగా వదిలితే, 37 కోసం వెతికేటప్పుడు వెతుకులాట అక్కడే ఆగిపోతుంది. 9లో భద్రంగా ఉన్న కీ లేదన్న జవాబు వస్తుంది. అందుకే ‘ఇక్కడ ఒకటి ఉండేది, ముందుకు వెళ్లు’ అనే గుర్తును ఆ గడిలో ఉంచుతారు.

పట్టిక ఎంత నిండిందో చెప్పేది లోడ్ ఫ్యాక్టర్: కీల సంఖ్యను గడుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. పై ఉదాహరణలో అది 0.4. లీనియర్ ప్రోబింగ్‌లో దీని ప్రభావాన్ని డొనాల్డ్ నూత్ 1960ల్లో లెక్కగట్టాడు. కీలు సమంగా చెదిరే పెద్ద పట్టికలో, లేని కీ కోసం వెతికితే సగం నిండినప్పుడు సగటున 2.5 గడులు చూడాలి. ముప్పాతిక నిండితే 8.5. తొంభై శాతం నిండితే దాదాపు 50. చైనింగ్‌లో ఇంత ఉపద్రవం లేదు. అక్కడ గొలుసు సగటు పొడవు లోడ్ ఫ్యాక్టర్‌తో సమానం కాబట్టి, గడులకు రెట్టింపు కీలున్నా సగటున రెండు పోలికలే.

అలాగని చైనింగే మేలని తీర్మానించలేం. గొలుసులోని ప్రతి కొక్కేనికీ అదనపు మెమరీ కావాలి, దాని వెంట వెళితే ప్రాసెసర్ మెమరీలో ఎక్కడెక్కడికో దూకాలి. పక్క గడి మాత్రం చాలాసార్లు అప్పటికే కాషెలోకి వచ్చి ఉంటుంది. పట్టికలో తగినంత ఖాళీ ఉంచగలిగితే ఓపెన్ అడ్రసింగ్‌దే పైచేయి.

అందుకే పట్టిక నిండకముందే దాన్ని పెంచుతారు. చైనింగ్ వాడే జావా `HashMap` మామూలుగా 16 గడులతో, 0.75 హద్దుతో మొదలవుతుంది; 13వ కీ చేరగానే 32 గడులవుతుంది. పెంచాక పాత కీల చోటును కొత్త గడుల సంఖ్యతో మళ్లీ లెక్కించాలి. మన పట్టికను 20 గడులు చేసి, 20తో భాగించగా మిగిలే శేషాన్ని గడి సంఖ్యగా తీసుకుంటే 27 ఏడుకు, 48 ఎనిమిదికి, 37 పదిహేడుకు, 58 పద్దెనిమిదికి వెళతాయి. కొలిజన్లన్నీ పోయాయి. ఇలా పెంచే ఒక్క చేర్పు మాత్రం నెమ్మదిగా సాగుతుంది. ఎన్ని కీలు వస్తాయో ముందే తెలిస్తే, మొదట్లోనే తగినన్ని గడులు అడగడం మంచిది.

హ్యాష్ ఫంక్షన్ చెడ్డదైతే లోడ్ ఫ్యాక్టర్ తక్కువున్నా లాభం లేదు. రోల్ నంబర్లన్నీ 7తోనే ముగిస్తే, పది గడుల పట్టికలో తొమ్మిది గడులకు సొంత కీ ఒక్కటీ రాదు.