మొదట పట్టీలు బిగుసుకున్నాయి

అరవై రెండేళ్ల ఇల్లాలు ఒకరిని ఊహించుకుందాం. పన్నెండేళ్లుగా షుగర్, ఎనిమిదేళ్లుగా బీపీ. పొద్దున వేసుకునే షుగర్ మాత్ర ఒక్కటేనని ఆమె లెక్క. నిజానికి ఆ ఒక్క మాత్రలో మూడు మందులున్నాయి: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, 15 మిల్లీగ్రాముల పయోగ్లిటజోన్. రెండేళ్లు బాగానే గడిచింది. ఈమధ్య షుగర్ అదుపు తప్పడంతో డాక్టరు రాత్రిపూట ఇన్సులిన్ మొదలుపెట్టారు, పాత మాత్ర కొనసాగించమన్నారు.

మూడు వారాలకు కాళ్ల పట్టీలు బిగుసుకున్నాయి. సాయంత్రం చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి కాసేపటికి గానీ పూడడం లేదు. 64 కిలోలుండే మనిషి 68కి చేరింది. ‘ఇన్సులిన్ వేసుకుంటే ఒళ్లు వస్తుంది పిన్నీ’ అని పక్కింటి అమ్మాయి చెబితే నమ్మింది. తర్వాత మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. రాత్రి పడుకుంటే ఊపిరాడక రెండో దిండు పెట్టుకుంది, గ్యాస్ అనుకుని ఆ మాత్ర వేసుకుంది. ఇలా తలా ఒక కారణం చెప్పుకుంటూ పోతే అసలు కారణం మాత్ర అట్ట వెనక సన్నటి అక్షరాల్లోనే ఉండిపోతుంది.

పయోగ్లిటజోన్ క్లోమాన్ని పిండి ఇన్సులిన్ తీయించే మందు కాదు. కణం లోపల పీపార్ గామా అనే ఒక మీట ఉంటుంది, ఈ మందు దాన్ని నొక్కుతుంది. అప్పుడు కాలేయంలోనూ కండరాల్లోనూ అడ్డుగా పేరుకున్న కొవ్వు మెల్లగా చర్మం కిందికి సర్దుకుంటుంది. దాంతో ఒంట్లో ఉన్న ఇన్సులిన్‌కే కణాలు మళ్లీ స్పందిస్తాయి. పూర్తి ఫలితం కనబడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఒంటరిగా వాడితే షుగర్ పడిపోయే భయం దాదాపు లేదు, ఖరీదూ తక్కువ. కొవ్వు పట్టిన కాలేయానికి కూడా కొంత మేలు చేస్తుంది. అందుకే ఇది ఇంకా మన చీటీల మీద ఉంది. 2013 జూన్‌లో మూత్రాశయ క్యాన్సర్ భయంతో కేంద్ర ప్రభుత్వం దీని అమ్మకాన్ని నిలిపేసింది. కొన్ని వారాలకే, హెచ్చరిక ముద్రించాలన్న షరతు మీద తిరిగి అనుమతించింది. ఆ నిర్ణయం సబబే అని నా అభిప్రాయం. కొందరికి ఇది పనికొచ్చే మందు. ఆ కొందరు ఎవరన్నది చూడకుండా రాసినప్పుడే చిక్కు.

ఎందుకంటే ఆ మీట కొవ్వు కణంలోనే కాదు, మూత్రపిండంలోనూ ఉంది. అక్కడ నొక్కితే మూత్రంలో బయటికి పోవలసిన ఉప్పును కిడ్నీ వెనక్కి లాగుతుంది, ఉప్పు వెంట నీరూ వస్తుంది. ఇన్సులిన్ కూడా కిడ్నీ దగ్గర ఉప్పును పట్టి ఉంచే గుణం ఉన్నదే. రెండూ కలిస్తే ఒకదానికొకటి తోడవుతాయి. ఈ మందు ఒక్కటే వాడేవారిలో నూటికి దాదాపు ఐదుగురికి వాపు వస్తే, ఇన్సులిన్‌తో కలిపి వాడేవారిలో పదిహేను మంది దాకా కనబడుతుంది. నీరు చేరి రక్తం కాస్త పలచబడడం వల్ల హిమోగ్లోబిన్ కూడా కొద్దిగా తగ్గినట్టు రిపోర్టు రావచ్చు. దాన్ని చూసి ఐరన్ మాత్రలు మొదలుపెట్టినంత మాత్రాన లాభం లేదు.

ఈ మందుతో కొవ్వు వల్ల కూడా రెండు నుంచి నాలుగు కిలోలు పెరగడం మామూలే. తేడా ఎలా తెలుస్తుంది? కొవ్వు నెలల మీద పెరుగుతుంది, నీరు రోజుల మీద పెరుగుతుంది. లీటరు నీరంటే కిలో బరువు. మూడు వారాల్లో నాలుగు కిలోలంటే, అందులో ఎక్కువ భాగం నీరే అని అనుమానించాలి. పొద్దున్నే మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, ఒకే మిషను మీద చూసుకున్న బరువే లెక్క. మరో చిక్కుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా కాళ్లు వాస్తాయి. అయితే ఆ వాపు సాధారణంగా కాళ్ల దగ్గరే ఆగుతుంది, బరువు ఇంతగా పెంచదు, ఆయాసం తేదు.

ఈ మందు గుండె కండరాన్ని నేరుగా దెబ్బతీయదు. గుండె తోడవలసిన నీటిని పెంచుతుంది. బలంగా ఉన్న గుండె ఆ అదనపు బరువు మోస్తుంది. ఏళ్ల తరబడి బీపీ, షుగర్ ఉన్నవారి గుండె గోడలు మందమై బిరుసెక్కి ఉంటాయి, అలాంటి గుండె మోయలేక నీటిని ఊపిరితిత్తుల్లోకి వదిలేస్తుంది. 2005లో వెలువడిన ప్రోయాక్టివ్ పరిశోధనలో 5,238 మందిని గమనించారు. తీవ్రమైన గుండె వైఫల్యం ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో సుమారు 4 శాతం మందికి వస్తే, పయోగ్లిటజోన్ వాడినవారిలో 6 శాతం దాకా వచ్చింది. 2007లో అమెరికా ఔషధ సంస్థ ఈ మందుపై అత్యంత తీవ్రమైన హెచ్చరిక వేయించింది. కొద్దిగా కదిలితేనో, కూర్చున్నా కూడానో ఆయాసం వచ్చే స్థాయి గుండె వైఫల్యం ఉన్నవారికి దీన్ని అసలు మొదలుపెట్టకూడదు. ఆయాసపు లక్షణాలున్న వైఫల్యం ఏ స్థాయిదైనా దీన్ని వాడమని సలహా ఇవ్వరు. గుండె వైఫల్యంతో ఒకసారి ఆసుపత్రిలో చేరినవారు, ఇప్పుడు బాగానే ఉన్నా, ఆ సంగతి డాక్టరుకు చెప్పితీరాలి.

మన ఇల్లాలి దగ్గరికి వద్దాం. డాక్టరు మెడ నరం ఉబ్బు చూశారు, ఊపిరితిత్తుల అడుగున చప్పుడు విన్నారు, ఎకో తీయించారు. గుండె ముడుచుకునే బలం సరిగానే ఉంది, సడలడంలోనే ఇబ్బంది. మూడు మందుల మాత్ర మాన్పించి, అందులోని మిగతా రెండూ ఉన్న మాత్ర రాశారు. నీరు పోయే మందు కొన్నాళ్లు ఇచ్చారు. ఇక్కడ కిటుకు పయోగ్లిటజోన్ ఆపడమే. దాన్ని కొనసాగిస్తూ నీటి మాత్రలు మాత్రమే పెంచుకుంటూ పోతే వాపు సరిగా లొంగదు. రెండు వారాలకు బరువు 64.5కి దిగింది.

అదే మీట ఎముక మజ్జలోనూ ఉంది. అక్కడి మూలకణం ఎముక కట్టే కణంగానైనా, కొవ్వు కణంగానైనా మారగలదు. ఈ మందు దాన్ని కొవ్వు దారి పట్టిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎముక కట్టే చేతులు తగ్గుతాయి. ప్రోయాక్టివ్‌లో ఆడవారిలో ఎముకలు విరిగినవారు 2.5 శాతం నుంచి 5.1 శాతానికి పెరిగారు. విరిగినవి ఎక్కువగా మణికట్టు, ముంజేయి, చీలమండ, పాదం. బాత్‌రూములో జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగిందంటే ఆ జారుడునే తప్పుపడతాం, మాత్రను ఎవరూ అనుమానించరు. ముట్లు ఆగిపోయినవారు, ఇదివరకు చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు, స్టెరాయిడ్లు వాడేవారు దీనికి దూరంగా ఉండడమే మంచిది.

మూత్రాశయ క్యాన్సర్ ఉన్నవారికి ఇది వద్దు, గతంలో వచ్చి తగ్గినవారికీ వద్దనే చెబుతారు. కారణం తెలియకుండా మూత్రంలో రక్తం కనబడితే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. షుగర్ వల్ల కంటి రెటీనా మధ్యభాగంలో నీరు చేరినవారికి ఆ వాపు పెరగవచ్చు, చూపు మసకబారితే వెంటనే కంటి డాక్టరుకు చూపించాలి. గర్భిణులకూ టైప్ వన్ షుగర్ ఉన్నవారికీ ఇది మందు కాదు.

మాత్ర ఆపిన రెండు మూడు నెలలకు ఆమె షుగర్ కొంచెం ఎగబాకింది, ఈ మందు ప్రభావం మెల్లగా వచ్చినట్టే మెల్లగా పోతుంది. డాక్టరు ఇన్సులిన్ సర్ది ఊరుకోలేదు. ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో ‘పయోగ్లిటజోన్ ఇవ్వకూడదు, నీరు చేరింది’ అని రాశారు. ఇదే మందు మన బజారులో ఎన్నో పేర్లతో, ఎన్నో కలయికల్లో దొరుకుతుంది. రేపు ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు రాసే మాత్ర పేరు వేరుగా ఉంటుంది, అట్ట వెనక అక్షరాలు మాత్రం అవే.