ఎస్‌ఓపీలో కథ ఎంత, విశ్లేషణ ఎంత?

అమెరికాలో ఎంఎస్‌కు దరఖాస్తు చేసే మన పిల్లల ఎస్‌ఓపీలు చాలావరకు చిన్ననాటి సంఘటనతోనే మొదలవుతాయి. అందులో తప్పేమీ లేదు. కానీ వాటిని చదివేవాళ్లలో ఆ విభాగం ప్రొఫెసర్లుంటారు. ఈ విద్యార్థి ఎలా ఆలోచిస్తాడన్నది వాళ్లకు కావాలి.

ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో ఎంఎస్ కోరే ఒక రైతు బిడ్డ ఉన్నాడనుకుందాం. వేసవిలో పొలం మోటారు మాటిమాటికీ కాలిపోయేది. ఎనిమిది వందల పదాల ఎస్‌ఓపీలో మూడు వందలు దీనికే పెట్టాడు: ఎండిన మడి, నాన్న కన్నీళ్లు, మెకానిక్ అడిగిన డబ్బు. చివర్లో 'ఆ రోజే ఇంజనీరు కావాలనుకున్నాను, పట్టుదల నేర్చుకున్నాను' అన్నాడు. ఈ చివరి మాటను ఎవరి కథ కింద పెట్టినా అతుకుతుంది. అందుకే అది విశ్లేషణ కాదు.

అదే అనుభవాన్ని ఇలా రాయొచ్చు. మోటారుకు కొత్త వైండింగ్ చుట్టించినా మళ్లీ కాలిపోయింది. బీటెక్‌లో ఉండగా, ఊళ్లో మోటార్లన్నీ నడిచే వేళ మల్టీమీటర్ పెట్టి చూస్తే 415 వోల్టులు ఉండాల్సిన చోట 340 ఉంది. కథ ఇంతే, యాభై అరవై పదాలు చాలు. ఇక్కడి నుంచి ఆలోచన సాగాలి. వోల్టేజీ పడిపోతే, అదే బరువు లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. అంటే జబ్బు మోటారుది కాదు, లైనుది. కెపాసిటర్ పెడితే కొంత మెరుగైంది, కానీ ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు మరీ పెరిగిన వేళల్లో అదీ సరిపోలేదు. కెపాసిటర్ ఎంతవరకు ఆదుకుంటుంది, లైను ఎక్కడ మార్చక తప్పదు? అతను ఆ విభాగానికి తీసుకెళ్లాల్సిన ప్రశ్న ఇది. ఫలానా కోర్సు, ఫలానా ల్యాబ్ ఎందుకు కావాలో దీని వెంటే చెప్పొచ్చు.

ఏది ఉంచాలో తేల్చుకోవడానికి కథలోని ఒక్కో వాక్యాన్ని కొట్టేసి కింది భాగం చదవండి. ఏమీ తెగిపోకపోతే ఆ వాక్యం అక్కర్లేదు. 340 తీసేస్తే వాదన కూలిపోతుంది. మెకానిక్ అడిగిన డబ్బు తీసేస్తే ఏమీ కాదు. కథను మొత్తంగా తీసేయడమూ పొరపాటే. 'వ్యవసాయ విద్యుత్ నాణ్యత నా ఆసక్తి' అని మాత్రమే రాస్తే, ఇతనికి అది ఎలా తెలుసన్న అనుమానం మిగులుతుంది.

నాన్న కన్నీళ్లను కొట్టేయడం కష్టమే. అయితే వాటికి చోటిచ్చే రాతలూ ఉన్నాయి. డిగ్రీ చదువులకు కామన్ యాప్ అడిగే 650 పదాల వ్యాసం ముఖ్యంగా మనిషిని తెలుసుకోవడానికే. అక్కడ సగం దాకా కథ ఉన్నా నడుస్తుంది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పీజీ దరఖాస్తులో ఎస్‌ఓపీతో పాటు వ్యక్తిగత నేపథ్యం మీద మరో వ్యాసం విడిగా అడుగుతుంది. ఎండిన మడి, ఇంటి అప్పు, వాటి మధ్య చదువు ఎలా సాగిందన్నది అందులో రాయాలి. వోల్టేజీ లెక్క ఎస్‌ఓపీలో ఉండాలి.