అలంకార నిరాకరణ: విశాఖ దంతపు పెట్టె నుండి సాదా కాంక్రీటు గోడ వరకు

ఉపోద్ఘాతం:

పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం పనివారు చందనపు పెట్టెల మీద పలుచని దంతపు రేకులు తాపేవారు. ఆ రేకుల మీద పూలతీగెలను సన్నని గాట్లుగా చెక్కి, వాటిలో నల్లని లక్కను నింపేవారు. అంచుల్లోని లతలకు కోరమండల్ తీరపు అద్దకపు వస్త్రాల లతలతో దగ్గరి పోలిక ఉంది. వస్తువుల ఆకృతి చాలావరకు ఆంగ్లేయులది, పైపని స్థానికులది. కొన్నవారిలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు ఎక్కువ. అందుకే లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వంటి చోట్ల నేడు వీటిని చూడగలుగుతున్నాం. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో యూరప్ కళాకారులు అలంకారాన్ని కాదనడానికి చూపిన కారణాలను పరిశీలించడానికి ఈ పెట్టె మంచి ఆధారం.

శ్రమ లెక్క:

వియన్నా వాస్తుశిల్పి అడాల్ఫ్ లోస్ ‘అలంకారం, నేరం’ అనే వ్యాసాన్ని 1908 నాటిదిగా చెప్పడం పరిపాటి. అది 1910లో ప్రసంగంగా వెలువడి, 1913లో ఫ్రెంచిలో అచ్చయింది. శీర్షిక నైతికంగా ధ్వనించినా వ్యాసంలోని బలమైన వాదం ఆర్థికమైనది. ఒక పెట్టెకు వడ్రంగి పని ఐదు రోజులు, చెక్కుడు పని ఇరవై రోజులు పట్టిందనుకుందాం. కొనేవాడు సాదా పెట్టెకు ఇచ్చే ధరకు ఐదు రెట్లు ఇవ్వడు. అంటే నగిషీ పెరిగినకొద్దీ పనివాని దినకూలి తగ్గుతుంది. రెండో లెక్క కాలానికి సంబంధించినది. చెక్క నూరేళ్లు నిలుస్తుంది, దానిపై నగిషీకి ఉన్న మోజు పదేళ్లలో తీరుతుంది. మోజు తీరిన వస్తువును మూలన పడేస్తే దానిలోని కలప, శ్రమ రెండూ వృథా అయినట్లే.

ఈ వాదానికి వెనుక యంత్రం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చులు, పోతపనులు పూలతీగెను చవకగా చేసి ప్రతి పొయ్యికీ ప్రతి కుర్చీకీ అంటించాయి. చేతి శ్రమకు గుర్తుగా ఉన్న అలంకారం దానితో ఆ గుర్తింపును కోల్పోయింది.

వస్తువు, గోడ:

సాదాతనం ఎలా ఉంటుందో లోస్‌కు ముందే తోనెట్ కంపెనీ చూపింది. 1859 నాటి దాని 14వ నంబరు కుర్చీలో ఆవిరితో వంచిన ఆరు చెక్కముక్కలు, పది మరలు, రెండు నట్లు మాత్రమే ఉంటాయి. విడదీస్తే ఒక ఘనమీటరు పెట్టెలో ముప్పై ఆరు కుర్చీలు పట్టేవి. ఇక్కడ అందం ఆ వంపులోనే ఉంది. దానికోసం వేరే రోజు పని చేయనక్కరలేదు.

గోడ విషయం ఇంత సులువు కాలేదు. వియన్నాలో రాజప్రాసాదానికి ఎదురుగా లోస్ కట్టిన భవనం (1910–11) కింది అంతస్తులకు ఖరీదైన చలువరాయి తాపి, పై అంతస్తులను ఉత్త గచ్చుగోడలుగా వదిలింది. నగరపాలకులు పని ఆపించారు. చివరకు కిటికీలకు పూలతొట్లు అమర్చడంతో రాజీ కుదిరింది. ఇక్కడ గమనించవలసినది, లోస్ ఖరీదును కాదనలేదు, చెక్కుడును కాదన్నాడు. రాతిలోని సహజమైన చారలే నగిషీకి బదులయ్యాయి.

విశాఖలో ఎదురైన చిక్కు:

గోడల మీది పట్టీలు, అంచులు అన్నీ ఉత్త సొగసులు కావు. వలసకాలపు భవనాల్లో గోడ పైఅంచున ముందుకు పొడుచుకువచ్చిన పట్టీ వాననీటిని గోడకు దూరంగా జారవిడుస్తుంది. కిటికీ చుట్టూ ఉన్న చట్రం చెక్కకూ గచ్చుకూ మధ్య అతుకును కప్పుతుంది. వాటిని అలంకారమని తీసివేస్తే నీరు గోడ వెంటే కారి నల్లని చారలు కడుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే విశాఖ వంటి ఊళ్లో ఆ నష్టం లోపలికీ పోతుంది. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటులో ఇంకి ఇనుపచువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు కోరుతుంది కాబట్టి పైపొర పగులుతుంది. చువ్వ దారి వెంబడి నిలువుగానో అడ్డంగానో సాగే గోధుమరంగు పగులే దానికి గుర్తు. తీరప్రాంతపు కాంక్రీటులో చువ్వపై కనీసం 45 మిల్లీమీటర్ల పొర ఉండాలని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) చెప్పడానికి కారణం ఇదే. సాదా గోడ చవక గోడ కాదు. దాచుకోవడానికి నగిషీ లేనందువల్ల దానికి నాణ్యమైన పని మరింత అవసరం.

లోస్ వాదంలో ఒప్పుకోలేని భాగమూ ఉంది. అలంకరించుకోవడాన్ని అతడు పాపువా వాసుల పచ్చబొట్టుతో పోల్చి, నాగరికత ఎదిగేకొద్దీ అది రాలిపోతుందన్నాడు. ఇది వలసపాలన నాటి మెట్ల లెక్క. దంతపు పెట్టెను చెక్కిన విశాఖ పనివానికి తన కాలపు ఏ ఆంగ్ల వడ్రంగి కంటే తక్కువ నేర్పు లేదు. అతని నష్టం నాగరికతలో కాదు, కూలిలో ఉంది. వ్యాసంలోని ఆర్థిక భాగాన్ని నిలుపుకొని ఈ భాగాన్ని విడదీసి చదవవలసి ఉంది.

అలంకారశాస్త్రం చదివినవారికి మరొక కొలబద్ద అందుబాటులో ఉంది. ధ్వనికావ్యంలో అలంకారం అపృథగ్యత్ననిర్వర్త్యం కావాలని, అంటే వేరే ప్రయత్నం లేకుండా రచనతోపాటే ఏర్పడాలని ఆనందవర్ధనుడు భావించాడు. తోనెట్ కుర్చీ వంపు ఈ పరీక్షకు నిలుస్తుంది, యంత్రపు పూలతీగె నిలవదు. దంతపు పెట్టె మీది లత కూడా నిలవడం కష్టమే, ఎంత అందంగా ఉన్నా అది పెట్టె పూర్తయ్యాక మొదలైన పని. ఇక సన్‌షేడ్ అడుగున అంచుకు కొద్ది లోపలగా మేస్త్రీ గీసే సన్నని గాడి ఉంది. వాననీరు గోడ వైపు పాకకుండా అక్కడే తెగి చుక్కలుగా రాలుతుంది. కింద నుండి చూసేవారికి అది భవనం పొడవునా సాగిన ఒక గీత.