బడి తెరిచిన మొదటి వారం: ఎవరు ఏ బెంచీలో?

వేసవి సెలవులయ్యాక మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. ఆ వారం టీచరు చేసుకోవాల్సిన పనుల్లో చాలామంది చివరికి నెట్టేసేది పిల్లలు కూర్చునే చోట్ల పట్టిక. నిజానికి మిగతా పనులన్నీ దాన్ని ఆసరా చేసుకునే సాగుతాయి.

ఐదో తరగతిలో 34 మంది పిల్లలు, ముగ్గురేసి కూర్చునే బెంచీలు 12 ఉన్నాయనుకుందాం. ముందు హాజరు పట్టీ. అడ్మిషన్ రిజిస్టరు దగ్గర పెట్టుకుని పేరు, అడ్మిషన్ నంబరు సరిచూసుకోవాలి. మొదటి వారంలో కొందరు టీసీ తీసుకుని వెళ్తారు, కొందరు కొత్తగా చేరతారు. అందుకే ముందు పేర్లు విడి కాగితం మీద పెన్సిలుతో రాసుకుని, జాబితా కుదురుకున్నాక పట్టీలోకి ఎక్కిస్తే కొట్టివేతలు ఉండవు. మధ్యాహ్న భోజనం లెక్క కూడా రోజువారీ హాజరును బట్టే కాబట్టి ఇక్కడ తప్పు పడితే అక్కడా తప్పుతుంది.

ఇక బెంచీలు. మొదటి రెండు రోజులు పిల్లల్ని ఇష్టమొచ్చినచోట కూర్చోనిచ్చి గమనించాలి. బోర్డు చూడకుండా పక్కవాడి నోట్సు చూసి రాసే పిల్లవాడికి, కళ్లు చికిలించే పిల్లకు చూపు ఆనకపోవచ్చు. బోర్డు మీద నాలుగు అక్షరాలు రాసి, వెనక బెంచీ నుంచి ఒక్కో కన్ను మూసి చదవమంటే అనుమానం తేలుతుంది. అలాంటివాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టి, ఇంట్లోవాళ్లకు కబురు చేసి కంటి పరీక్ష చేయించమనాలి. ఎడమచేత్తో రాసేవాళ్లకు బెంచీలో ఎడమ చివర చోటిస్తే పక్కవాళ్ల మోచేతులు తగలవు. ఇలా కుదిరాక బెంచీల బొమ్మ గీసి పేర్లు రాసి బల్లకు అంటించాలి. 36 చోట్లలో ఖాళీగా ఉండాల్సినవి రెండే. మూడో ఖాళీ కనిపిస్తే, పేర్లు పిలవకముందే ఎవరు రాలేదో తెలిసిపోతుంది.

చార్టులు పిల్లల కళ్ల ఎత్తులో ఉండాలి. ఎక్కాల చార్టు పైకప్పు దగ్గర వేలాడితే వెనక బెంచీవాళ్లకు అది రంగు కాగితమే. మొదటి వారానికి మూడు చార్టులు చాలు. మిగతావి పాఠం వచ్చినప్పుడు తగిలించవచ్చు.

సుద్దముక్కల పెట్టెలు, డస్టరు, స్కేళ్లు తీసుకున్న రోజే స్టాకు రిజిస్టరులో రాయాలి. తాళంచెవులకు గది, బీరువా పేర్లు రాసిన అట్టముక్కలు కట్టి, రెండో జత హెడ్‌మాస్టరుకు ఇచ్చి సంతకం తీసుకోవాలి.

శనివారం సాయంత్రం ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. సోమవారం మీరు సెలవు పెడితే, మీ గదిలోకి వచ్చే మరో టీచరు ఎవరినీ అడగకుండా బీరువా తీసి, హాజరు వేసి, మూడో బెంచీలో చివరి పిల్లను పేరుపెట్టి పిలవగలరా? పిలవగలిగితే ఆ వారం పని పూర్తయినట్టే.