హౌస్ సర్జన్లకు మొదటి రోజే చెప్పాల్సిన మాట

ఎంబీబీఎస్ పరీక్షలు పాసైనవాళ్లు ఏడాదిపాటు ఆసుపత్రిలో హౌస్ సర్జన్లుగా పనిచేయాలి. సర్జరీ విభాగంలో అడుగుపెట్టిన రోజు హెచ్‌ఓడీ వాళ్లను కూర్చోబెట్టి డ్యూటీ వేళలు, సెలవులు, కేస్‌షీట్ రాసే పద్ధతి చెబుతారు. ఇవన్నీ వారం తిరిగేసరికి పిల్లలకు అవే తెలిసిపోతాయి. ఆ ప్రసంగంలో సగం సమయం సూది గుచ్చుకోవడానికి కేటాయించాలని నేనంటాను.

ఒక రాత్రి ఎలా ఉంటుందో చూడండి. క్యాజువాలిటీ కిటకిటలాడుతోంది. రక్తం తీసిన అమ్మాయి సిరంజికి మూత తిరిగి పెట్టబోయింది. సూది గ్లవ్ దాటి వేలిలో దిగింది. కంగారులో వేలిని గట్టిగా నొక్కి రక్తం పిండింది, స్పిరిట్ పోసింది, పొద్దున్న చెబుదాంలే అనుకుని పనిలో పడింది. ఈ మూడూ పొరపాట్లే. పిండితే, మందులు పోస్తే అక్కడి కణజాలం ఇంకా దెబ్బతింటుంది. గ్లవ్ తీసి, ధారగా పారే నీళ్లతో సబ్బు పెట్టి కడిగితే చాలు. ఆ వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి.

ఆ తొందర ఎందుకంటే, హెచ్‌ఐవీ సోకకుండా వేసుకునే మాత్రలు వీలైతే 2 గంటల్లోపు మొదలవ్వాలి. 72 గంటలు దాటాక మొదలుపెడితే ప్రయోజనం ఉండదు. రోగి అనుమతితో అతని రక్తం కూడా పరీక్షిస్తారు, కానీ ఆ ఫలితం కోసం మొదటి డోసు ఆపరు. రోగికి హెచ్‌ఐవీ లేదని తేలితే మాత్రలు మానేయవచ్చు, లేకపోతే 28 రోజులూ వేసుకోవాలి. హెచ్‌ఐవీ ఉన్న రోగి సూది గుచ్చుకున్నా అది సోకే అవకాశం వెయ్యిలో సుమారు మూడు. హెపటైటిస్ బి అయితే, టీకా వేయించుకోనివారిలో నూటికి ముప్పై దాకా వెళ్లవచ్చు. అందుకే మూడు డోసుల టీకా పూర్తయిందా, రక్తంలో రక్షణ వచ్చిందా అని హెచ్‌ఓడీ ఆ రోజే ఒక్కొక్కరినీ అడగాలి. హెపటైటిస్ సికి ముందుజాగ్రత్త మందు లేదు. తర్వాత పరీక్షలు చేయించుకుని, సోకిందని తేలితే చికిత్స తీసుకోవడమే.

ఇవన్నీ పుస్తకంలో చదివినవాళ్లు కూడా దాస్తారు. మూత పెట్టొద్దన్నా పెట్టావేమని తిడతారన్న భయం, రోగిది ఏ జబ్బో బయటపడుతుందన్న భయం. దాచిన గంటలే ప్రమాదం. కాబట్టి ఆ భయాన్ని తీసేసే మాట విభాగాధిపతి నోటి నుంచే రావాలి: "అమ్మా, బాబూ, అర్ధరాత్రయినా ఫోన్ చేయండి. ముందు మందు, తర్వాతే మిగతా సంగతి. తప్పెవరిదని ఎవరూ అడగరు."

మాటతో ఆగకుండా వార్డులోకి తీసుకెళ్లి చూపించాలి. వాడిన సూదికి మూత పెట్టకుండా కట్టర్‌తో తుంచి, గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వేయాలి. సిరంజి ఎర్ర సంచిలోకి వెళ్తుంది. డబ్బా ముప్పాతిక నిండగానే మూసేయాలి. నిండిన డబ్బాలో సూదిని బలవంతంగా దూర్చేటప్పుడు కూడా గుచ్చుకుంటుంది. ఆ మాత్రలు రాత్రిపూట ఏ అల్మరాలో ఉంటాయో, తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా అప్పుడే చూపించాలి.