లింకు చచ్చిందా, దారి తప్పిందా?

1982లో జాన్ పోస్టెల్ ఈమెయిలు రవాణా నియమాలు రాసినప్పుడు, ఒక చిరునామా ఇచ్చిన మనిషి నిజంగా దాని సొంతదారేనా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. ఆ లోటు పూడ్చుకోవడానికి వెబ్‌సైట్లు పన్నిన ఉపాయమే వెరిఫికేషన్ లింకు. ఎవరూ ఊహించలేని అక్షరాల వరుస ఒకటి ఆ చిరునామాకు పంపుతారు. అది తిరిగి వస్తే, లింకు నొక్కినవాళ్లు ఆ మెయిలు తెరవగలరని రుజువు. లింకులో చాలాసార్లు `token=` తర్వాత కనిపించే గజిబిజి అదే.

సర్వరు ఆ టోకెన్ ఎవరిది, ఎప్పటిదాకా చెల్లుతుంది, ఇదివరకే వాడారా అన్నవి చూస్తుంది. గడువు కొన్నిచోట్ల పావుగంటే, కొన్నిచోట్ల రోజులు. కొన్ని సైట్లు ఇంకో అడుగు వేసి, రుజువులో సగాన్ని మనం ఫారం నింపిన బ్రౌజరులోనే దాచిపెడతాయి. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటులీ తెచ్చిన కుకీ ఇందుకు పనికొచ్చింది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

పావగడ తాలూకా తిరుమణి కుర్రాడొకడు పట్నంలోని నెట్ సెంటర్లో దరఖాస్తు నింపుతున్నాడనుకుందాం. మెయిలు మాత్రం చేతిలోని ఫోన్‌కు వచ్చింది. అక్కడే నొక్కాడు. ఫోన్ బ్రౌజరులో ఆ కుకీ లేదు గనక సైటు ఒప్పుకోలేదు. లింకును సెంటర్ కంప్యూటరుకు చేర్చాలని వాట్సాప్‌లో పెట్టాడు. ప్రివ్యూ బొమ్మ కోసం వాట్సాప్ ఆ పేజీని ముందే తెరిచి చూస్తుంది. చూడగానే టోకెన్ ఖర్చు రాసేసే సైటైతే, లింకు అక్కడే అయిపోయింది. (తెరిచినంత మాత్రాన కాక, లోపల బటన్ నొక్కాకే ఖర్చు రాసే సైటు తెలివైనది.) విసుగొచ్చి కొత్త లింకు మూడుసార్లు అడిగాడు. చాలా సైట్లలో కొత్తది పుట్టగానే పాతది చెల్లదు. జీమెయిలు ఒకే సబ్జెక్టు ఉన్నవాటిని తరచూ ఒకే కట్టగా చూపుతుంది. అందులో పైన కనబడిన పాతదాన్నే మళ్లీ నొక్కాడు.

ఈ మూడింటికీ తెరమీద తరచూ ఒకే మాట: `Link expired or invalid`. కారణాన్ని మనమే పోల్చుకోవాలి. రాగానే నొక్కినా చెల్లలేదంటే గడువు మీద అనుమానం తగ్గుతుంది. బ్రౌజరునో, పాత మెయిలునో చూడాలి. ఒక్కోసారి టోకెన్ ఖర్చయినా ఖాతా నిజానికి వెరిఫై అయిపోయి ఉంటుంది, కాబట్టి ముందు మామూలుగా లాగిన్ అయి చూడటం మంచిది.

అది కుదరకపోతే కొత్త లింకు ఒక్కసారే అడిగి, స్పామ్ కూడా చూస్తూ కాసేపు ఆగాలి. కట్టలో అన్నిటికన్నా కింద ఉన్న మెయిలు తెరిచి, లింకును కాస్త నొక్కిపట్టి కాపీ చేసి, ఫారం కూడా అదే ఫోన్లో నింపి ఉంటే, నింపిన బ్రౌజరు అడ్రస్ పట్టీలో అతికించాలి. మెయిలు యాప్ లోపలే తెరుచుకునే కిటికీకి కుకీలు వేరుగా ఉండొచ్చు. ఆ కుర్రాడి ఫారం మాత్రం సెంటర్ కంప్యూటరులో ఉంది. అక్కడ మెయిలు పాస్‌వర్డ్ కొట్టడంకన్నా, ఫోన్ బ్రౌజరులోనే సైటులోకి లాగిన్ అయి కొత్త లింకు అడిగి, దాన్ని అందులోనే తెరవడం మేలు.